30 దాటిందా, ఫైన్ పడ్డట్టే: సిడ్నీలో కార్ల మధ్య సందులో బైక్ (సమస్య - పరిష్కారం)

హైదరాబాద్‌లో బండి నేర్చుకున్నవాళ్లం మనం, సిగ్నల్ దగ్గర రెండు కార్ల మధ్య కాస్త సందు కనబడితే హ్యాండిల్ దానంతటదే అటు తిరుగుతుంది. సిడ్నీకి వచ్చాక కూడా ఆ అలవాటు పోదు, పోనక్కర్లేదు కూడా, ఎందుకంటే న్యూ సౌత్ వేల్స్‌లో 2014 జులై 1 నుంచి అలా వెళ్లడానికి చట్టమే ఒప్పుకుంటోంది. అంతకుముందు ఏడాది సిడ్నీ నడిబొడ్డున రెండు నెలలు ట్రయల్ కూడా వేసి చూశారు. కాకపోతే ఒప్పుకున్నది లేన్ ఫిల్టరింగ్‌కి. అదే సందులో అదే బండి స్పీడ్ కాస్త పెరిగితే దాని పేరు లేన్ స్ప్లిటింగ్, దానికి గట్టి ఫైన్‌తో పాటు 3 డీమెరిట్ పాయింట్లు, అవి పోగై పరిమితికి చేరితే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తెలియకే మనవాళ్లు ఎక్కువగా దొరికిపోతున్నారు, నాతో సహా.

సమస్య: "కార్ల కంటే కొంచెమే ఫాస్ట్‌గా వెళ్లాను, అయినా ఆపారు"

ఇది నాకే జరిగింది. పరమట్టా రోడ్ మీద సాయంత్రం, రెండు వరసల్లో కార్లు ఆగి ఉన్నాయి, నేను మధ్యలోంచి పాతిక స్పీడ్‌లో ముందుకెళ్తున్నాను. అంతవరకు తప్పేం లేదు. ఇంకా నాలుగు కార్లు దాటితే ముందుకి చేరతాననగా గ్రీన్ పడింది. కార్లు కదిలాయి, ముప్పై, ముప్పై అయిదు. నాకు అటూ ఇటూ దూరడానికి చోటు లేదు, వెనక్కి తగ్గాలంటే అహం అడ్డొచ్చింది, యాక్సిలరేటర్ తిప్పి నలభై అయిదులో ఆ నాలుగు కార్లనీ దాటేశాను. వెనకాల పోలీసు బైక్ ఉందని అద్దంలో చూసేసరికే ఆలస్యమైంది. "ట్రాఫిక్ కంటే పదే కదా ఎక్కువ" అని చెప్పబోయాను, ఆయన మర్యాదగా విని మర్యాదగానే ఫైన్ రాశాడు.

కారణం: రూల్‌లో ఉన్న 30 మీ బండి స్పీడ్, కార్లకీ మీకూ ఉన్న తేడా కాదు. గంటకు 30 కిలోమీటర్లు, అంతే. పక్క కార్లు ఆగి ఉన్నా, నెమ్మదిగా కదులుతున్నా ఈ లెక్క మారదు. దీన్నిబట్టి ఇంకోటి కూడా తేలుతుంది: కార్లు 30 దాటి పోతున్నాయంటే రూల్ తప్పకుండా వాటిని దాటడం కుదరదు, ఇక మీకు సందులో పనే లేదు.

ఆ అంకె ఎందుకో ఒకసారి లెక్కేసుకుంటే మనసుకి పడుతుంది. ముప్పైలో బండి సెకనుకి ఎనిమిది మీటర్లకి పైగా పోతుంది. ఎవరో హఠాత్తుగా లేన్ మారారు, మీ చెయ్యి బ్రేక్ మీద పడేసరికి ఒక సెకను పోయింది అనుకుందాం, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ కొడితే మొత్తం 13 మీటర్లలో ఆగుతారు, అంటే సుమారు మూడు కార్ల పొడవు. అదే యాభైలో అయితే 28 మీటర్లు కావాలి. ముందున్న మూడో కారు మీ సందులోకి ముక్కు పెడుతుంటే ముప్పైలో ఉన్నవాడు ఆగుతాడు, యాభైలో ఉన్నవాడు కారు తలుపులో తేలతాడు.

పరిష్కారం: గ్రీన్ పడ్డాక ఏం చెయ్యాలో గ్రీన్ పడ్డాక ఆలోచిస్తే లాభం లేదు. సందులోకి దూరేముందే మీ ముందు మీ రోడ్డు దాటేవాళ్ల సిగ్నల్ చూడండి. ఎర్ర మనిషి బొమ్మ మినుకుమినుకుమంటోందంటే మీకు గ్రీన్ దగ్గర పడినట్టే, దూరకండి, లేన్‌లోనే ఉండండి. ఇప్పటికే మధ్యలో ఉండగా కార్లు కదిలితే, స్పీడ్ పెంచొద్దు, తగ్గించండి. ముందు కారుకీ వెనక కారుకీ మధ్య ఖాళీ అదే తెరుచుకుంటుంది, ఇండికేటర్ వేసి అందులోకి వచ్చేయండి. సందులో వెళ్లేటప్పుడే కళ్లతో ఆ ఖాళీలు వెతుక్కుంటూ పోవడం అలవాటు చేసుకుంటే టెన్షన్ ఉండదు. మీటర్ విషయంలో మాత్రం భయం అక్కర్లేదు, ఇక్కడి ప్రమాణాల ప్రకారం స్పీడోమీటర్ అసలు స్పీడ్ కంటే తక్కువ చూపించకూడదు, ముల్లు 30 దగ్గరుంటే అసలు స్పీడ్ ఓ రెండు మూడు తక్కువే ఉండే అవకాశం ఎక్కువ.

సమస్య: "20లోనే వెళ్లాను, అయినా తప్పన్నారు"

కారణం ఎక్కువసార్లు చోటు. మనకి ఎడమ పక్క, ఫుట్‌పాత్ అంచు వెంట జారుకోవడం బాగా అలవాటు, ఆర్టీసీ బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య దూరిన చేతులు కదా. ఇక్కడ అది కుదరదు. ఫుట్‌పాత్ అంచు పక్కనగానీ, పార్క్ చేసిన కార్ల పక్కనగానీ ఫిల్టరింగ్ చెయ్యకూడదు. పార్క్ చేసిన కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, రెండు కార్ల మధ్యలోంచి పిల్లాడు ఎప్పుడు బయటికొస్తాడో ఎవరికీ తెలీదు. ఫిల్టరింగ్ అంటే ఒకే వైపు పోతున్న రెండు వరసల మధ్య, అంతే. ఎమర్జెన్సీ లేన్‌లో దూసుకెళ్లడం కూడా ఫిల్టరింగ్ కాదు.

రెండో కారణం టైమ్. స్కూల్ జోన్‌లో స్కూల్ వేళల్లో ఫిల్టరింగ్ అసలు లేదు, మీరు పదిలో వెళ్లినా సరే. మామూలుగా ఆ వేళలు పొద్దున 8 నుంచి 9:30, మధ్యాహ్నం 2:30 నుంచి 4. అంటే సరిగ్గా ట్రాఫిక్ ఆగిపోయి, సందు నోరూరించే టైమే.

పరిష్కారం: ఎడమ చివర ఉన్నది బస్ లేన్ అయితే సందు గొడవే వద్దు, మోటార్‌సైకిళ్లు బస్ లేన్‌లో, కనీసం ఇద్దరు ముగ్గురు ఎక్కిన కార్ల కోసం ఉంచిన టీ2, టీ3 లేన్లలో దర్జాగా వెళ్లొచ్చు. ఈ సంగతి తెలియక కార్ల మధ్య చెమటలు కక్కేవాళ్లని చాలామందిని చూశాను. ఒక్కటే జాగ్రత్త, బోర్డు మీద "బస్సెస్ ఓన్లీ" అని ఉంటే అది వేరే లేన్, అందులోకి వెళ్లకూడదు.

సమస్య: "కారుకి ఫుల్ లైసెన్స్ ఉంది, బైక్‌కి పీ ప్లేట్"

ఫిల్టరింగ్ ఫుల్ రైడర్ లైసెన్స్ ఉన్నవాళ్లకే. లెర్నర్‌కీ, ఫుల్ లైసెన్స్ వచ్చేలోపు పీ ప్లేట్‌తో నడిపే పీ1, పీ2 దశల వాళ్లకీ లేదు, కారు ఎన్నేళ్లుగా నడుపుతున్నా సరే. పీ1 వాళ్లకి మొత్తం ఉండేవి 4 పాయింట్లే, ఫుల్ వాళ్లకి 13. ఇక లెక్క మీరే వేసుకోండి. పీ ప్లేట్ తీసేదాకా కార్ల వెనకే నిలబడాలి, వేరే దారి లేదు.

సమస్య: "శాన్ హోసేలో మా అన్నయ్య చేస్తాడు, అక్కడ ఓకేనట"

నిజమే, ఓకేనే. కాలిఫోర్నియాలో 2016లో చేసిన చట్టం లేన్ స్ప్లిటింగ్‌నే ఒప్పుకుంది, అందులో ఇంత స్పీడ్ అని అంకె కూడా రాయలేదు. అదే పేరు సిడ్నీలో నేరం. వాట్సాప్‌లో అన్నయ్య పెట్టిన వీడియో చూసి సిడ్నీ ఎం4 మోటార్‌వే మీద ప్రయత్నించొద్దు. ఆస్ట్రేలియాలోనే క్వీన్స్‌లాండ్, విక్టోరియా 2015లో తమ రూల్స్ తాము తెచ్చుకున్నాయి, బ్రిస్బేన్ ట్రిప్‌కి బయల్దేరేముందు అక్కడి ప్రభుత్వ పేజీ ఒక్కసారి చదువుకోండి.

సమస్య: "అన్నీ పాటించాను, ముందుకొచ్చాక ఎక్కడ ఆగాలో తెలీదు"

స్టాప్ లైన్ వెనకాల. రెండు కార్ల ముందు పట్టే చోటు లేకపోతే మొదటి వరస దాకా పోకుండా రెండో కారు ముందు ఖాళీలో సర్దుకోండి. ముందు చక్రం కూడా గీత దాటకూడదు. పక్కన లారీగానీ బస్సుగానీ ఉంటే దాని పక్కన నిలబడనే వద్దు, డ్రైవర్ ముఖం మీకు అద్దంలో కనబడట్లేదంటే మీరూ ఆయనకి కనబడట్లేదు.