ఇంట్లో లస్సీ – నాలుగవ పాఠం: చిక్కని మామిడి లస్సీ, పులుపెక్కకుండా

గత పాఠంలో పాలను తోడుపెట్టి, పెరుగు గట్టిపడిన వెంటనే ఫ్రిజ్‌లోకి మార్చడం వరకు నేర్చుకున్నాము. ఈసారి ఆ పెరుగునే వడకట్టి, మామిడి గుజ్జు కలిపి, గ్లాసు వంచినప్పుడు నెమ్మదిగా జారేంత చిక్కని లస్సీ చేద్దాము. మూడు గ్లాసులకు వెన్న తీయని పాలతో తోడుపెట్టిన పెరుగు అర కిలో, బాగా పండిన పెద్ద మామిడిపండు ఒకటి, కాచి చల్లార్చిన పాలు పావు కప్పు, పంచదార పొడి రెండు చెంచాలు కావాలి.

ఒక గిన్నె మీద జల్లెడ పెట్టి, తడిపి పిండిన పలుచని నూలు గుడ్డను దానిలో పరిచి, పెరుగును చిలకకుండా గరిటెతో పొరలుగా తీసి వేయండి. గుడ్డ అంచులను పైకి మడిచి, గిన్నెతో సహా ఫ్రిజ్‌లో నాలుగు గంటలు ఉంచండి. అప్పటికి దాదాపు రెండు వందల గ్రాముల తేట కిందికి దిగి, మూడు వందల గ్రాముల వరకు పెరుగు మిగులుతుంది. మూటను గట్టిగా పిండితే తేటతో పాటు పెరుగు కూడా గుడ్డలోంచి బయటికి వస్తుంది కనుక దాని బరువుకు దానినే దిగనివ్వాలి. మూటను వంటగదిలో వేలాడదీసే పద్ధతి ఎండాకాలంలో లస్సీకి పనికిరాదు, ఎందుకంటే పెరుగులోని సూక్ష్మజీవులు ఆ వెచ్చదనంలో పాలచక్కెరను ఆమ్లంగా మారుస్తూనే ఉంటాయి. ఫ్రిజ్ చల్లదనంలో ఆ పని పూర్తిగా ఆగదు గానీ, బాగా నెమ్మదిస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. వడకడితే పులుపంతా తేటతో పోతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి పోయిన తేట ఎంత పుల్లగా ఉంటుందో, పెరుగులో మిగిలిన తడి కూడా అంతే పుల్లగా ఉంటుంది. ఈ సంగతిని మీరే పరీక్షించవచ్చు: తేటను ఒక చెంచా, వడకట్టిన పెరుగును ఒక చెంచా రుచి చూడండి. వడకట్టడం వల్ల కలిగే అసలు మేలు ఏమిటంటే, పుల్లని తేట ఖాళీ చేసిన చోటును తియ్యని గుజ్జుతోను, పాలతోను నింపినా లస్సీ పలుచబడదు. అంటే పులుపు తగ్గేది మనం కలిపే వాటి వల్లనే. కాబట్టి అప్పటికే పులిసిన పెరుగును ఎంతసేపు వడకట్టినా ప్రయోజనం ఉండదు.

రెండవ పులుపు పండు నుంచి వస్తుంది. పైకి పచ్చగా మెరుస్తున్నా టెంక దగ్గర కండ పుల్లగా ఉన్న పండ్లు ఎన్నో ఉంటాయి. తొడిమ దగ్గర తియ్యని వాసన రావాలి, బొటనవేలితో నొక్కితే కొద్దిగా దిగాలి. కోసిన తరువాత టెంకను ఆనుకున్న ముక్కను విడిగా రుచి చూడండి. అది తియ్యగా ఉంటేనే ఆ పండు ఉపయోగించండి. దోరపండును ఫ్రిజ్‌లో పెడితే అది సరిగా పండదు, కనుక బయటే పూర్తిగా పండనిచ్చి, ఆ తరువాతే చల్లబరచాలి. పీచు ఉన్న పండైతే గుజ్జును జల్లెడలో గరిటెతో రుద్ది దించండి. పెద్ద పండు నుంచి రెండు వందల గ్రాముల గుజ్జు రావచ్చు.

గుజ్జు, పాలు, వడకట్టిన పెరుగు, చివరకు గ్లాసులు కూడా రెండు గంటల ముందే ఫ్రిజ్‌లో చేరాలి. ఇలా విడివిడిగా చల్లబరిస్తే ఐసు ముక్కల అవసరం ఉండదు. ఐసు కరిగితే, నాలుగు గంటలు ఓపికగా దించిన నీటిని మళ్ళీ మనమే పోసినట్టవుతుంది. ముందు గుజ్జు, పాలు, పంచదార పొడి మిక్సీలో నునుపుగా తిప్పండి. పెరుగును మాత్రం వేరే గిన్నెలో కవ్వంతో ఉండలు పోయేదాకా మెదిపి, గుజ్జును దానిలో కలపండి. పెరుగును మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే దాని చిక్కదనం విరిగి పలుచబడుతుంది, ఒక్కోసారి వెన్న పూసలు కూడా తేలుతాయి. చల్లని పదార్థంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది కాబట్టి, చాలినంత తీపి ఉందో లేదో ఈ దశలోనే చూసి సరిచేయాలి.

ఇంత చేసినా పుల్లగా అనిపిస్తే, వెంటనే పంచదార పోయకుండా మిగిలిన గుజ్జును, పెరుగును వేరువేరుగా రుచి చూడండి. గుజ్జు పుల్లగా ఉంటే మరికొంత పంచదార దానిని సర్దుతుంది. పెరుగు పుల్లగా ఉంటే రెండు మూడు చెంచాల చల్లని పాలు గానీ, ఒక చెంచా మీగడ గానీ కలపడం మేలు, ఎందుకంటే పంచదార ఆ పులుపును కప్పుతుందే తప్ప తగ్గించదు. కలిపిన లస్సీని ఆ పూటలోనే తాగేయాలి. మరునాటికి ఫ్రిజ్‌లో ఉన్నా పులుపు పెరిగి, అడుగున తేట విడుతుంది.

గిన్నెలోకి దిగిన తేటను మూతపెట్టి ఫ్రిజ్‌లో దాచండి. వచ్చే పాఠంలో దానితోనే ఉప్పు, జీలకర్ర వేసిన పలుచని లస్సీ చేయబోతున్నాము.