గాడ్జెట్ లాంచ్ పాఠాలు – 4: మొదటి 160 మంది, ఆ తర్వాతి 340 మంది

గత పాఠంలో ధర ఖాయం చేసుకున్నాం. ఆ ధరకు ముందుగా కొనేదెవరు, ఆగి చూసేదెవరు, ఒక్కొక్కరికి ఏం సిద్ధం చేసి పెట్టుకోవాలి అన్నది ఈ పాఠం. మన ఉదాహరణ పాతదే: ఓవర్‌హెడ్ ట్యాంకు నిండగానే మోటారును తనంతట తానే ఆపేసే కంట్రోలర్.

వర్గాలు ఎక్కడి నుంచి వచ్చాయి

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాన్ని రైతులు ఎప్పుడెప్పుడు చేపట్టారో ర్యాన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క తీసి 1943లో ప్రచురించారు. వాళ్లు పరిశీలించిన 259 మంది రైతుల్లో ఇద్దరు తప్ప అందరూ 1941 నాటికి ఆ విత్తనానికి మారారు. అయితే అందరూ ఒకేసారి మారలేదు. మొదట్లో కొద్దిమంది, తర్వాత ఒక్కసారిగా చాలామంది, చివర్లో మళ్లీ కొద్దిమంది. ఇలాంటి అధ్యయనాలెన్నిటినో కలిపి సామాజిక శాస్త్రవేత్త ఎవరెట్ రోజర్స్ 1962లో కొనేవాళ్లను ఐదు వర్గాలుగా విడగొట్టాడు: ఇన్నోవేటర్లు 2.5 శాతం, అర్లీ అడాప్టర్లు 13.5, అర్లీ మెజారిటీ 34, లేట్ మెజారిటీ 34, లాగార్డ్స్ 16.

ఈ అంకెలు మనుషుల స్వభావాన్ని కొలిచి చెప్పినవి కావు. జనం వస్తువును చేపట్టిన కాలానికి సగటు, ఆ సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నారో చెప్పే ప్రామాణిక విచలనం కట్టి గీతలు గీశారు, అంతే. సగటు 30 నెలలు, విచలనం 12 నెలలు అనుకోండి. అప్పుడు మొదటి 6 నెలల్లో కొన్నవాళ్లు ఇన్నోవేటర్లు. 6 నుంచి 18 నెలల మధ్య కొన్నవాళ్లు అర్లీ అడాప్టర్లు. 18 నుంచి 30 దాకా అర్లీ మెజారిటీ, 30 నుంచి 42 దాకా లేట్ మెజారిటీ, ఆ తర్వాత వచ్చేవాళ్లు లాగార్డ్స్. అంటే ఎవరు ఏ వర్గమో అంతా అయ్యాకే కచ్చితంగా తేలుతుంది. లాంచ్ రోజున మన చేతిలో ఉండేది అంచనా మాత్రమే.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. ఈ శాతాలు ఊరి జనాభాలో కాదు, ఎప్పటికైనా కొనేవాళ్లలో. మన కాలనీలో 4,000 ఇళ్లున్నాయనుకుందాం. అద్దెకుండేవాళ్లు మోటారు జోలికి పోరు. వాచ్‌మన్ ఉన్నచోట మోటారు ఆపే బాధే లేదు. ఇలా తీసేస్తూ పోతే మిగిలేది 1,000 ఇళ్లు అనుకోండి. అప్పుడు ఇన్నోవేటర్లు 25 మంది, అర్లీ అడాప్టర్లు 135 మంది, ఈ రెండు వర్గాలూ కలిపి 160. ఆ తర్వాత అర్లీ మెజారిటీ 340 మంది. 4,000లో 2.5 శాతమని 100 పీసులు తెప్పించుకుంటే 75 పీసులు గోడౌన్‌లో కూర్చుంటాయి.

మరో సంగతి. ఒకే మనిషి అన్ని వస్తువులకూ ఒకే వర్గంలో ఉండడు. రోజర్స్ తండ్రి అయోవా రైతే. కొత్త యంత్రాలంటే ఆయనకు ఇష్టం, హైబ్రిడ్ విత్తనం దగ్గర మాత్రం ఏళ్ల తరబడి మొండికేశాడు. 1936 కరువులో తన చేను ఎండిపోయి పక్క చేలోని హైబ్రిడ్ పంట నిలబడ్డాకే ఆయన మనసు మారింది. కాబట్టి కొత్త ఫోన్ రాగానే కొనే కుర్రాడు మన కంట్రోలర్‌ను కూడా ముందే కొంటాడని లెక్క వేసుకోవద్దు. వాళ్లింట్లో మోటారు వేసేది వాళ్ల అమ్మ కావచ్చు.

ఒకే లోపం, వేర్వేరు అర్థాలు

ట్యాంకులో వేలాడదీసే లోహపు ప్రోబులతో నీటి మట్టం పసిగట్టే రకం కంట్రోలర్‌ను తీసుకుందాం. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట కొన్ని నెలలకు ప్రోబు మీద తెల్లటి పొర కడుతుంది. ఆ పొర గుండా కరెంటు సరిగా పోదు. నీళ్లు పై ప్రోబును తాకినా సర్క్యూట్‌కు తెలియదు, మోటారు ఆగదు, ట్యాంకు పొంగిపోతుంది.

ఇన్నోవేటర్ ఇంట్లో ఇలా జరిగితే ఆయనే మేడెక్కి, ప్రోబు గీకి శుభ్రం చేసి, పొర ఫోటో మీకు పంపుతాడు. కరెంటును ఎడతెగకుండా ఇవ్వకుండా రీడింగ్ తీసే క్షణంలోనే ఇస్తే బాగుంటుందేమో చూడండి అని సలహా కూడా ఇస్తాడు. ఆయన కోసం పెట్టుకోవలసింది నేరుగా మాట్లాడే ఇంజినీరు నంబరు, సర్క్యూట్ బొమ్మ, ఓ ఐదు విడి సెన్సర్లు. ప్రకటనల ఖర్చు ఆయనకు అక్కర్లేదు.

అర్లీ అడాప్టర్‌కు సర్క్యూట్ మీద ఆసక్తి లేదు. తెల్లవారుజామున మునిసిపల్ నీళ్లు వదిలినప్పుడు నిద్రలేవాల్సిన పని తప్పుతుందని కొన్నాడు. లోపం వస్తే సహిస్తాడు, కానీ మీరు మార్చి ఇస్తారని నమ్మి సహిస్తాడు. కాలనీ సంక్షేమ సంఘంలో నలుగురూ సలహా అడిగేది ఇతన్నే. పాత సెన్సర్ స్థానంలో ఫ్లోట్ రకం సెన్సర్ ఉచితంగా బిగించి, ఏం మార్చారో ఇతనికి విడమరిచి చెప్పండి. రేపు ఇతను పదిమందికి చెప్పేది ఆ మాటే.

అర్లీ మెజారిటీ ఇంట్లో ఇదే జరిగితే మీకు ఫోను కూడా రాదు. గోడ తడుస్తుంది, పాత స్విచ్చుకే మళ్లీ వైరు కలిపించుకుంటారు, ‘ఏదో పెట్టించాం గానీ పనిచేయదు’ అని పక్కింటికి చెబుతారు. వాళ్లు కొనేముందు అడిగేది మిమ్మల్ని కాదు, ఎప్పుడూ వచ్చే ఎలక్ట్రీషియన్‌ను. అతను ‘పెట్టించుకోండి, నేను చూసుకుంటా’ అంటేనే కొంటారు. అందుకే 161వ పీసు అమ్మేలోపు కాలనీలో తిరిగే ఎలక్ట్రీషియన్లకు బిగించడం నేర్పి, వాళ్ల దగ్గర విడిభాగాలు ఉంచి, ఒక్కో బిగింపుకు ఎంత ఇస్తారో ముందే తేల్చుకోవాలి. ఉప్పునీళ్ల లోపం కూడా అప్పటికే పూర్తిగా తీరిపోయి ఉండాలి.

లేట్ మెజారిటీకి ఫీచర్లు తగ్గించండి. ఆప్ వద్దు, ఒక్క దీపం చాలు. బిల్డరు కొత్త ఇళ్లలో ముందే బిగించి ఇస్తుంటే ఈ వర్గం దానంతటదే కదులుతుంది. చివరి 16 శాతం మీద లాంచ్ డబ్బు పెట్టకండి. లాగార్డ్స్ అంటే వెనకబడ్డవాళ్లని చులకన చేయడమూ తప్పే. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకు వస్తువు పనిచేయకపోతే నష్టం ఎక్కువ, వాళ్లు ఆగడంలో న్యాయం ఉంది.

పెబుల్ వాచీ ఎక్కడ ఆగింది

అర్లీ అడాప్టర్లకూ అర్లీ మెజారిటీకీ మధ్య ఉన్న దూరాన్ని మార్కెటింగ్ సలహాదారు జెఫ్రీ మూర్ 1991లో అగాధమన్నాడు. గాడ్జెట్లలో దీన్ని స్పష్టంగా చూపేది పెబుల్ స్మార్ట్ వాచీ. 2012 ఏప్రిల్‌లో, జనం నుంచి ముందుగానే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటులో లక్ష డాలర్లు అడిగితే దాదాపు 69 వేల మంది కోటి డాలర్లకు పైగా ఇచ్చారు. సెప్టెంబరులో ఇస్తామన్న వాచీలు 2013 జనవరిలో గానీ బయల్దేరలేదు. అయినా కొన్నవాళ్లు ఓపిక పట్టారు. ఆ ఓపికే మొదటి రెండు వర్గాల గుర్తు. దుకాణంలో కొనేవాళ్లు అన్నాళ్లు ఆగరు.

2015లో రెండో వాచీకి 2 కోట్ల డాలర్లు దాటాయి. ఇచ్చినవాళ్లు 78 వేల మంది. 2016లో మూడోసారి కోటీ ఇరవై ఏడు లక్షల డాలర్లకు పైగా వచ్చాయి, ఇచ్చినవాళ్లు దాదాపు 67 వేల మంది. డబ్బు పెరుగుతూ తగ్గుతూ ఉంది గానీ, తలలు లెక్కపెడితే మూడుసార్లూ గుంపు ఇంచుమించు అంతే. దీన్ని జాగ్రత్తగా చదవాలి. దుకాణాల్లో విడిగా కూడా పెబుల్ వాచీలు అమ్ముడయ్యాయి, 2014 చివరికి మొత్తం పది లక్షలు దాటాయి కూడా. కాబట్టి వాచీ అసలే అమ్ముడుపోలేదని అర్థం కాదు. ముందస్తు ఆర్డర్ల గుంపు ఎంత ఉత్సాహంగా ఉన్నా, దాని వెనక మెజారిటీ ఉందో లేదో ఆ గుంపును చూసి తెలుసుకోలేమన్నదే పాఠం.

మెజారిటీ ఎందుకు రాలేదంటే, ‘ఇది నాకెందుకు?’ అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. వారం రోజుల బ్యాటరీ, మార్చుకోగల వాచీ ముఖాలు, సొంతంగా ఆప్ రాసుకునే వీలు, ఇవన్నీ మొదటి రెండు వర్గాలకు అమృతం. ఐఫోన్ వాడేవాళ్లకేమో వచ్చిన ఐమెసేజ్‌కు పెబుల్ నుంచి జవాబిచ్చే వీలే లేదు, ఎందుకంటే బయటి వాచీలకు యాపిల్ ఆ దారి ఇవ్వలేదు. కంపెనీ వాచీని ముందు పని సాధనంగా, తర్వాత ఫిట్‌నెస్ పరికరంగా చెప్పి చూసింది. 2016 మార్చిలో నాలుగో వంతు సిబ్బందిని తీసేసింది, డిసెంబరులో మూతపడి, చేతికి కట్టుకునే ఫిట్‌నెస్ పరికరాలు చేసే ఫిట్‌బిట్‌కు ఆస్తులు అమ్మేసింది. ఆ ఫిట్‌బిట్ 2015లో ఒక్క ఏడాదే 2 కోట్లకు పైగా పరికరాలు అమ్మింది. ఈ రోజు ఎన్ని అడుగులు నడిచారన్నదే దాని జవాబు, అది ఎవరికైనా అర్థమవుతుంది.

340 పీసుల ఆర్డరు పెట్టేముందు

మొదటి విడత 25 పీసులు, రెండో విడత 135. ఇవి అయిపోవచ్చే వేళ మూడో విడతకు డబ్బు కట్టబోయేముందు మీ ఫోను పుస్తకం తెరవండి. వచ్చిన ప్రతి కాల్‌కు ఎదురుగా అడిగిన మొదటి ప్రశ్న రాసి ఉండాలి. ‘లోపల ఏ చిప్ వాడారు?’ అంటే ఇన్నోవేటర్. ‘బోరు, మునిసిపల్ రెండు లైన్లకూ కలిపి చేయగలరా?’ అంటే అర్లీ అడాప్టర్. ‘మా వీధిలో ఎవరింట్లో ఉంది? పాడైతే ఎవరొస్తారు?’ అంటే అర్లీ మెజారిటీ తలుపు తట్టినట్టు. రెండో గడిలో ఎవరి ద్వారా తెలిసిందో రాయండి. వీడియో చూసి వచ్చినవాళ్లే ఎక్కువుంటే మీరింకా మొదటి 160లోనే తిరుగుతున్నారు. పక్కింటివాళ్ల పేరో ఎలక్ట్రీషియన్ పేరో వరసగా కనబడుతుంటే మెజారిటీ కదిలింది.

చివరి పది కాల్స్‌లో ఆరేడు ఇలా మారితే 340 తెప్పించండి. లేకపోతే ఇంకో 40 తెప్పించి ఆగండి. ఇది గీసి చెప్పిన నియమం కాదు, సరుకు మీద ఇరుక్కుపోయే డబ్బును బట్టి మీరే సర్దుకోవాలి.

అభ్యాసం: మీ సొంత గాడ్జెట్‌కు ఎప్పటికైనా కొనేవాళ్ల సంఖ్యను వదిలేయాల్సిన వాళ్లను తీసేస్తూ లెక్కకట్టండి. ఒక్కో తీసివేతకు కారణం ఒక వాక్యంలో రాయండి. ఆ సంఖ్యను ఐదు వర్గాలుగా విడగొట్టాక, మీ వస్తువులో మీకు తెలిసిన ఒక లోపం ఒక్కో వర్గం ఇంట్లో బయటపడితే వాళ్లేం చేస్తారో ఊహించి రాయండి. 5వ పాఠంలో వాపసు వచ్చిన పీసులను ఎలా విప్పి చూడాలో నేర్చుకుంటాం, ఈ కాగితం అప్పుడు పక్కనే కావాలి.