పది శాతం లెక్క తప్పుతోందా? చుక్క ఎక్కడుందో చూడండి

మా అన్నయ్య కొడుకు సెలవుల్లో కడియం దగ్గర ఒక నర్సరీలో బిల్లులు రాస్తున్నాడు. మొక్కల బిల్లు 3,405 రూపాయలైంది, 15 శాతం తగ్గించాలి. వాడు ముందు పది శాతం 345 అని రాశాడు. "సున్నా తీసేశాను కదా బాబాయ్!" అన్నాడు.

సమస్య: పది శాతం కొన్ని బిల్లులకు సరిగ్గా వస్తుంది, కొన్నిటికి రాదు

కారణం ఆ "సున్నా తీసేయడం" అనే సూత్రమే. 3,460 లాంటి అంకె చివర సున్నా ఉంటుంది కాబట్టి అది తీస్తే 346 సరిపోతుంది. 3,405 లో సున్నా మధ్యలో ఉంది. దాన్ని తీస్తే లెక్కే మారిపోతుంది.

సున్నాల సంగతి వదిలేసి చుక్కను జరపండి. మామూలు అంకెకి చుక్క కనిపించదు కానీ చివర ఉన్నట్టే: 3405. అనుకోండి. దాన్ని ఒక్క స్థానం ఎడమకు జరిపితే 340.5, అంటే 340 రూపాయల 50 పైసలు. అంకెలు ఒక్కటీ పోవు. పైసలున్నా అంతే: 867.50 లో పది శాతం 86.75. వచ్చినదాన్ని పదితో గుణించి చూడండి. 345 పదిసార్లు 3,450 అవుతుంది, 3,405 కాదు. తప్పు అక్కడే దొరికిపోతుంది.

పెద్ద మొత్తాల్లో కామా కూడా తికమక పెడుతుంది. 1,24,600 లో చుక్క జరిపి, కామాలు పాత చోటే ఉంచి 1,24,60 అని రాస్తారు. ముందు కామాలన్నీ తీసేసి, జరిపాక మళ్లీ పెట్టండి: 12,460.

సమస్య: 5, 15 వస్తాయి, 12 శాతం దగ్గర ఆగిపోతారు

5 శాతం అంటే పదిలో సగం: 170.25. రెండూ కలిపితే 15 శాతం 510.75. మావాడి బిల్లులో తగ్గేది అదే, కట్టాల్సింది 2,894.25. మరి 12 కి? 340.50 కి రెండు రూపాయలు కలిపేవాళ్లున్నారు. కలపాల్సింది 2 శాతం. చుక్కను రెండు స్థానాలు జరిపితే 1 శాతం, 34.05. దానికి రెట్టింపు 68.10. మొత్తం 408.60.

సమస్య: "20 శాతం, ఆపైన ఇంకో 10" అంటే 30 అని లెక్కేశారు, బిల్లు ఎక్కువొచ్చింది

రెండో పది శాతం పాత మొత్తం మీద కాదు, మిగిలినదాని మీద వేస్తారు. 3,405 లో 20 శాతం 681 పోతే 2,724. దాని మీద పది శాతం 272.40, కాబట్టి కట్టేది 2,451.60. నేరుగా 30 శాతమైతే 2,383.50 అయ్యేది. అందుకే ప్రతి తగ్గింపుకీ అప్పుడు మిగిలిన అంకెనే మళ్లీ రాసుకుని, దానిలో చుక్క ఎక్కడుందో చూసుకుని మొదలుపెట్టాలి.