టికెట్లు తగ్గాయి, గొడవలు తగ్గలేదు: హైపర్‌కేర్‌లో ఎక్కడ చూడాలి?

ఇది ఎస్ఏపీలో స్టోర్స్, ప్రొడక్షన్, సేల్స్, ఫైనాన్స్ అన్నీ ఒకేసారి గో-లైవ్ అయిన ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల కోసం. హైపర్‌కేర్ అంటే ఏమిటో, టికెట్ ఎలా తెరవాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

సమస్య: మొదటి వారం టికెట్లు కుప్పలుగా వస్తున్నాయి, అన్నీ పీ1 అనే అంటున్నారు

కన్సల్టెంట్లను పెంచమని అడిగే ముందు, వచ్చిన టికెట్లను ఒకసారి పక్కపక్కన పెట్టి చదవండి. ఇంత చిన్న పని ఎవరూ ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకే లోపాన్ని ఒక్కో షిఫ్ట్ వాళ్లు ఒక్కోలా రాసి ఉంటారు. వాటన్నిటినీ ఒక పేరెంట్ టికెట్ కిందకు తెస్తే సగం భారం అక్కడే దిగిపోతుంది. మిగిలినవాటిలో చాలా వరకు పర్మిషన్ల గొడవే ఉంటుంది. ఎర్రర్ రాగానే వేరే స్క్రీన్‌కి పోకుండా `/nSU53` కొట్టి ఆ స్క్రీన్‌షాట్ పంపమని యూజర్లకు చెప్పండి. అది లేని పర్మిషన్ టికెట్‌ను వెనక్కి పంపండి, మొహమాటం వద్దు.

ప్రయారిటీ పెట్టే పని కన్సల్టెంట్‌కి ఒక్కడికే వదలకండి. పక్కన ఆ విభాగం కీ యూజర్ కూర్చోవాలి. లారీ గేటు దాటడం లేదా, లైన్ ఆగిందా, వేరే దారి ఏమైనా ఉందా అన్నది చెప్పగలిగేది ఆయనే. పని ఆగిపోయి, వేరే దారి కూడా లేకపోతేనే పీ1. రిపోర్ట్‌లో కాలమ్ అటూ ఇటూ అయితే అది పీ1 కాదు, ఫోన్ చేసింది జీఎం గారైనా సరే.

సమస్య: టికెట్ల గ్రాఫ్ చక్కగా దిగుతోంది, కానీ స్టాక్ కలవడం లేదు

అసలు దొంగ ఇక్కడ ఉంటాడు. మూడో వారానికి గ్రాఫ్ దిగుతుంది, మీటింగ్‌లో అందరూ నవ్వుతారు. అదే సమయానికి స్టోర్స్‌లో ముడిసరుకు పుస్తకంలో ఎక్కువ, నేల మీద తక్కువ కనిపిస్తుంది. దాని మీద టికెట్ ఉండదు, ఎందుకంటే ఎవరికీ ఎర్రర్ రాలేదు. యూజర్ కళ్ల ముందు ఎర్రర్ పడితేనే టికెట్ పుడుతుంది. తెర వెనుక పడిన ఎర్రర్ క్యూలో కూర్చుంటుంది.

ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఒక యూనిట్‌ని తీసుకుందాం. డబ్బాకు పావు కిలో ప్లాస్టిక్ గుళికలు పడతాయి. షిఫ్ట్ అయ్యాక సూపర్‌వైజర్ 1000 డబ్బాలు అయ్యాయని కన్ఫర్మ్ చేస్తాడు. సిస్టమ్ వెంటనే రెండు పనులు చేయాలి: 1000 డబ్బాలను మూవ్‌మెంట్ 101తో స్టాక్‌లోకి తీసుకోవాలి, 250 కిలోల గుళికలను 261తో తీసేయాలి. దీన్నే బ్యాక్‌ఫ్లష్ అంటారు. 101 పోస్ట్ అయింది. 261 మాత్రం లైన్ పక్కనున్న స్టోరేజ్ లొకేషన్‌లో స్టాక్ చూసి, అక్కడ సున్నా ఉందని ఆగిపోయింది. కన్ఫర్మేషన్ మాత్రం సేవ్ అయింది. సూపర్‌వైజర్ ఇంటికి వెళ్లాడు. ఆగిపోయిన 261 వెళ్లి `COGI`లో పడింది.

గుళికలు నిజంగా లైన్ దగ్గరే ఉన్నాయి, డబ్బాలు కూడా వాటితోనే చేశారు. పెద్ద స్టోర్స్ నుంచి లైన్‌కి బస్తాలు తోసినప్పుడు సిస్టమ్‌లో 311తో బదిలీ చేయాలి. అది ఎవరూ చేయలేదు. పాత సిస్టమ్‌లో స్టాకంతా ఒకే చోట ఉండేది కాబట్టి స్టోర్ కీపర్‌కి ఆ అలవాటే లేదు. ఒక్కోసారి తెలిసినా ఆ మూవ్‌మెంట్‌కి పర్మిషన్ ఉండదు. ఆయనేమో టికెట్ తెరిచే మనిషి కాదు, బస్తాలు పంపేసి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు.

ఇలా రోజూ మూడు షిఫ్టులు జరిగితే, `MMBE`లో నిండుగా కనిపిస్తున్న గుళికలను చూసి కొనుగోళ్ల వాళ్లు ఆర్డర్ వాయిదా వేస్తారు. నెలాఖరుకి ఫైనాన్స్ వాళ్లు చూస్తే, ముడిసరుకు ఖర్చే లేకుండా డబ్బాలు తయారైనట్టు లెక్క తేలుతుంది. వేరియన్స్ భారీగా లాభం వైపు కనిపిస్తుంది. ఆ అంకె చూసి ఎవరైనా సంతోషిస్తే వెంటనే `COGI` తెరవండి.

తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. `COGI`లో ప్లాంట్ ఇచ్చి నడపండి. లిస్ట్‌లో లైన్లు ఎన్నున్నాయన్న దానికంటే అన్నిటికన్నా పాత తేదీ ఏదో ముఖ్యం. తర్వాత ఒక ఆర్డర్ నంబర్ తీసుకుని `CO03`లో దాని గూడ్స్ మూవ్‌మెంట్లు చూడండి. 101 ఉండి 261 లేకపోతే ఇదే జబ్బు.

సరిచేసేటప్పుడు ముందు చూడాల్సింది, ఆ ఆర్డర్‌కి ఎవరైనా `MIGO`లో చేత్తో 261 వేశారా అన్నది. వేసి ఉంటే, మీరు `COGI`లో మళ్లీ పోస్ట్ చేసినప్పుడు సరుకు రెండుసార్లు తరుగుతుంది. వేయలేదని తేలాక స్టోర్ కీపర్ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని నిజంగా పంపిన బరువుకు 311 చేయండి, ఆ తర్వాతే `COGI` లైన్లు పోస్ట్ చేయండి. లిస్ట్ శుభ్రంగా కనిపించాలని లైన్లను డిలీట్ చేయకండి. చేస్తే ఆ ఖర్చు ఏ ఆర్డర్‌దో తర్వాత తవ్వుకోవాల్సిందే. మెటీరియల్స్‌లో నడుస్తున్న నెలకూ, అనుమతిస్తే దాని ముందు నెలకూ మాత్రమే పోస్టింగ్ పడుతుంది. కాబట్టి రెండు నెలలు నానబెడితే పాత తేదీతో సరిచేసే దారి మూసుకుపోతుంది.

మళ్లీ రాకుండా ఉండాలంటే రోజూ పొద్దున మీటింగ్‌లో టికెట్ల సంఖ్య పక్కన క్యూల సంఖ్య కూడా చెప్పించండి: `COGI`, అకౌంటింగ్‌కి వెళ్లని బిల్లులకు `VFX3`, స్టేటస్ 51లో ఆగిన ఐడాక్‌లకు `WE02`. ఒక్కోదానికి ఫ్యాక్టరీ మనిషే యజమానిగా ఉండాలి. `COGI`ని ప్లానింగ్ కీ యూజర్‌కి అప్పగించండి. కన్సల్టెంట్ క్లియర్ చేస్తూ పోతే, ఆయన వెళ్లిన మర్నాటి నుంచే అది మళ్లీ పేరుకుంటుంది.

సమస్య: హైపర్‌కేర్ అయిపోయింది, వారానికే అందరికీ ఫోన్లు

ముందు క్యాలెండర్ చూడండి. ఒకటో తేదీన గో-లైవ్, నాలుగు వారాల హైపర్‌కేర్ అని కాంట్రాక్ట్‌లో రాసుకుంటారు. అంటే 28న ముగుస్తుంది. మొదటి మంత్ ఎండ్ క్లోజింగ్ ఆ తర్వాతి నెల మొదటి రోజుల్లో మొదలవుతుంది. ఫైనాన్స్, కాస్టింగ్ కన్సల్టెంట్లు సరిగ్గా అవసరం పడే రోజుకు రైలెక్కేసి ఉంటారు. కనీసం ఆ ఇద్దరినైనా క్లోజింగ్ పూర్తయ్యేదాకా ఉంచేలా ముందే రాసుకోండి.

రెండో కారణం సపోర్ట్ టీమ్. వాళ్లను చివరి వారంలో తెచ్చి, డాక్యుమెంట్లు చేతిలో పెట్టి, హ్యాండోవర్ అయిందంటారు. గో-లైవ్ రోజు నుంచే ఒకరిద్దరు గదిలో ఉండాలి. చివరి రెండు వారాలు టికెట్లు వాళ్లే తీయాలి, కన్సల్టెంట్ వెనక కూర్చుని చూడాలి. రాత్రి షిఫ్ట్‌కి కూడా ఎవరో ఒకరు ఉండాలి, ఎందుకంటే బ్యాక్‌ఫ్లష్ రాత్రి కూడా నడుస్తుంది.

ముగించడానికి నేను అడిగేవి ఇవే. పీ1 ఒక్కటీ తెరిచి ఉండకూడదు. మిగిలిన ప్రతి పీ2కి వేరే దారి, తేదీ, పేరు రాసి ఉండాలి. ఒక మంత్ ఎండ్ పూర్తిగా అయి ఉండాలి. క్యూల్లో రెండు రోజులకు మించి పాత లైన్ ఉండకూడదు. చివరి వారం టికెట్లు సపోర్ట్ టీమ్ సొంతంగా మూసి ఉండాలి. మొత్తం టికెట్లు ఇంత శాతం తగ్గాలి అన్న షరతును మాత్రం కొట్టేయండి. యూజర్లు విసిగిపోయి ఎక్సెల్‌కి వెళ్లిపోయినా అది నెరవేరుతుంది.

సర్వర్ నెమ్మదించడం, ప్రొడక్ట్‌లోనే బగ్ ఉండటం లాంటివి కూడా జరుగుతాయి గానీ అరుదు. మొదటిదాన్ని బేసిస్ వాళ్లకు వదిలేయండి, రెండోదానికి ఎస్ఏపీ నోట్ వెతకండి. అంతకు ముందు `COGI` ఒకసారి చూసి రండి.