గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్: ఒక ట్రయల్ పనిచేస్తుందంటుంది, ఇంకోటి లేదంటుంది. తేడా ఎక్కడ వస్తోంది?

మోకాళ్ల అరుగుదలకు ఈ రెండూ కలిపిన బిళ్ల వాడేవాళ్లు రెండు మూడు చోట్ల చదివేసరికి అయోమయంలో పడతారు. ఒకచోట గుజ్జు పెరుగుతుందని ఉంటుంది, ఇంకోచోట మందేమీ లేని ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా లేదని ఉంటుంది. ఈ అయోమయం చాలావరకు కొన్ని తెలిసిన కారణాల వల్లే వస్తుంది. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది చూసుకోండి.

సమస్య: గుజ్జుకు కావాల్సిన ముడిసరుకే మింగుతున్నాను, అయినా గుజ్జు పెరగడం లేదు

కారణం తెలియాలంటే ముందు మనం గుజ్జు అనే మృదులాస్థి ఎలా పనిచేస్తుందో చూడాలి. ఎముకల చివర్ల మీద ఉండే ఈ నున్నటి పొరలో ఎక్కువ భాగం నీళ్లే. ఆ నీళ్లను పట్టి ఉంచేది అగ్రెకాన్ అనే పెద్ద అణువు. దాని మధ్యలో ఒక ప్రోటీన్ కాడ, ఆ కాడకు ఇరువైపులా గుంపులుగా కాండ్రాయిటిన్ సల్ఫేట్ గొలుసులు ఉంటాయి. ఈ గొలుసుల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, సోడియం లాంటి అయాన్లను, వాటితోపాటు నీళ్లను లోపలికి లాక్కుంటాయి. అలా ఉబ్బే పొరను కొలాజెన్ పోగుల వల బిగించి పట్టుకుంటుంది. మనం కాలు మోపినప్పుడు కొంచెం నీరు బయటికి వెళ్తుంది, కాలు ఎత్తగానే తిరిగి వస్తుంది. మోకాలికి కుదుపు తెలియకపోవడం వెనక ఉన్న ఏర్పాటు ఇదే.

గ్లూకోసమిన్ ఒక చిన్న అమైనో చక్కెర. కాండ్రాయిటిన్ లాంటి గొలుసుల్లోని అమైనో చక్కెరలు దాని నుంచే తయారవుతాయి. అందుకే "ముడిసరుకు అందిస్తే కణాలు గుజ్జు కడతాయి" అన్న ఊహ పుట్టింది. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ అక్కడ ముడిసరుకుకు కొరత ఉందా అన్నది ఎవరూ అడగరు. మృదులాస్థి కణాలు తమకు కావాల్సిన గ్లూకోసమిన్‌ను గ్లూకోజ్ నుంచి తామే చేసుకుంటాయి. రక్తంలో గ్లూకోజ్ లీటరుకు 5 మిల్లీమోల్ దగ్గర ఉంటుంది. 1500 మిల్లీగ్రాముల గ్లూకోసమిన్ మింగాక రక్తంలో దాని గరిష్ఠ స్థాయి సుమారు 10 మైక్రోమోల్, అంటే గ్లూకోజ్‌లో ఐదువందల వంతు. పైగా మృదులాస్థికి రక్తనాళాలు లేవు, కీలులోని ద్రవం గుండా ఊరి లోపలికి చేరాల్సిందే. కాండ్రాయిటిన్ ఇంకా పెద్ద అణువు, పేగు నుంచి రక్తంలోకి చేరేది అందులో చిన్న భాగమే.

అరుగుదలలో అసలు జరిగేది కూల్చివేత. అగ్రెకనేజ్ అనే ఎంజైములు అగ్రెకాన్ కాడను ముక్కలు చేస్తాయి, తర్వాత కొలాజెన్ వల కూడా తెగుతుంది. ఒకపక్క గోడ కూలుస్తూ ఉంటే ఇంకోపక్క ఇటుకలు గుమ్మరించినంత మాత్రాన గోడ నిలబడదు. దీన్ని గమనించే ఈ మందుల సమర్థకులు కొత్త వివరణ తెచ్చారు: ఇవి ముడిసరుకుగా కాదు, వాపు సంకేతాలనూ ఆ ఎంజైములనూ అణచడం ద్వారా పనిచేస్తాయని. ల్యాబ్ పాత్రల్లో అది కనిపించిన మాట నిజమే. కానీ చాలా ప్రయోగాల్లో వాడిన మోతాదు మిల్లీమోల్ స్థాయిలో ఉంది, అంటే మనిషి రక్తంలో చేరేదానికి వంద రెట్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ.

ఏం చేయాలి: "గుజ్జు పెరుగుతుంది" అన్న ఆశను పక్కన పెట్టి, "నొప్పి తగ్గుతుందా" అని మాత్రమే అడగండి. ట్రయళ్లు నిజంగా కొలిచింది ఎక్కువగా దాన్నే.

సమస్య: నాకు నిజంగానే తగ్గింది, ట్రయల్ మాత్రం పనిచేయదంటోంది

రెండూ ఒకేసారి నిజం కావచ్చు. 2006లో వచ్చిన గెయిట్ అనే అమెరికన్ ట్రయల్‌ను తీసుకుందాం. ప్రభుత్వ నిధులతో జరిగింది, మోకాలి అరుగుదల ఉన్న 1583 మందిని ఐదు గుంపులు చేశారు. ఒకరికి గ్లూకోసమిన్, ఒకరికి కాండ్రాయిటిన్, ఒకరికి రెండూ, ఒకరికి సెలెకాక్సిబ్ అనే నొప్పి మందు, ఒకరికి ఉత్తుత్తి మాత్ర. ఆరు నెలల్లో నొప్పి స్కోరు కనీసం 20 శాతం తగ్గితే "మెరుగైంది" అని లెక్క.

రెండూ కలిపి వాడినవాళ్లలో 66.6 శాతం మంది మెరుగయ్యారు. ఇది మాత్రమే చదివితే మందు అద్భుతం. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 60.1 శాతం మంది మెరుగయ్యారు! ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి చాలలేదు. సెలెకాక్సిబ్ 70.1 శాతంతో మాత్రమే ఆ గీత దాటింది.

మందు లేకుండా అంతమందికి ఎందుకు తగ్గింది? నొప్పి బాగా ముదిరినప్పుడే జనం ట్రయల్‌లో చేరతారు, బిళ్ల కొనేదీ అప్పుడే. అరుగుదల నొప్పి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కాబట్టి ఏమీ చేయకపోయినా తర్వాత కొంత దిగుతుంది. దానికి నమ్మకం తోడవుతుంది. గెయిట్‌లోనైతే నొప్పి భరించలేనప్పుడు పారాసెటమాల్ వేసుకోవడానికి అందరికీ అనుమతి ఉంది. వంద ఉన్న స్కోరు ఎనభైకి వస్తే చాలు "మెరుగు" అనడం కూడా ఉదారమైన గీతే.

ఏం చేయాలి: ఏ పరిశోధనలోనైనా "ఇంతమందికి తగ్గింది" అన్న అంకె కనబడగానే, పక్కన ఉత్తుత్తి మాత్ర అంకె వెతకండి. అది లేకపోతే ఆ వాక్యం చదవకపోయినా నష్టం లేదు.

సమస్య: నొప్పి ఎక్కువున్నవాళ్లలో 79 శాతం మందికి పనిచేసిందట

ఈ అంకె అబద్ధం కాదు, అదే గెయిట్‌లోది. ప్రకటనల్లో ఎక్కువగా తిరిగేది కూడా ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా విడదీద్దాం.

మొత్తం 1583 మందిలో నొప్పి మధ్యస్థం నుంచి తీవ్రంగా ఉన్నవాళ్లు 354 మందే. వాళ్లు ఐదు గుంపుల్లోకి చీలితే ఒక్కో గుంపులో డెబ్భై మంది చొప్పున మిగిలారు. రెండు మందులూ కలిపి వాడిన 72 మందిలో 57 మంది మెరుగయ్యారు, అది 79.2 శాతం. ఉత్తుత్తి మాత్ర వాడిన 70 మందిలో 38 మంది, 54.3 శాతం. తేడా పెద్దదే. అయితే ఇదే చిన్న గుంపులో సెలెకాక్సిబ్ 69.4 శాతం దగ్గర ఆగి, ఉత్తుత్తి మాత్రను స్పష్టంగా దాటలేకపోయింది. నొప్పి తగ్గిస్తుందని బాగా తెలిసిన మందే గీత దాటని చోట, తెలియని మందు దాటిందంటే నాకు మొదట గుంపు చిన్నదన్న అనుమానమే వస్తుంది. ఒక పెద్ద ట్రయల్‌ను ముక్కలు చేసుకుంటూ పోతే ఏదో ఒక ముక్క అదృష్టవశాత్తు మెరుస్తుంది.

అలాంటి అనుమానం తీరాలంటే కేవలం మధ్యస్థం నుంచి తీవ్రమైన నొప్పి ఉన్నవాళ్లతో కొత్త ట్రయల్ చేయాలి. చేశారు కూడా. యూరప్‌లో 606 మందితో జరిగిన మూవ్స్ ట్రయల్‌లో ఆరు నెలలకు ఈ జంట మందు, సెలెకాక్సిబ్ రెండూ నొప్పిని దాదాపు సగానికి తగ్గించాయి. "నొప్పి మందుతో సమానం" అన్న వార్త వచ్చింది అక్కడినుంచే. కానీ అందులో ఉత్తుత్తి మాత్ర గుంపే లేదు. పై లెక్క గుర్తుంటే అదెంత పెద్ద లోటో అర్థమవుతుంది. 2017లో స్పెయిన్ నుంచి వచ్చిన ఇంకో ట్రయల్‌లో ఆ గుంపు ఉంది. 164 మందితో మొదలైన దాన్ని మధ్యలోనే ఆపేశారు, ఎందుకంటే జంట మందు వాడినవాళ్లలో నొప్పి 19 శాతం తగ్గితే ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 33 శాతం తగ్గింది.

ఏం చేయాలి: 79 శాతం అన్న మాట ఎక్కడ కనబడినా, అది డెబ్భై రెండు మంది మాట అని గుర్తుపెట్టుకుంటే చాలు.

సమస్య: అదే 1500 మిల్లీగ్రాములు, ఒక ట్రయల్‌లో పనిచేసి ఇంకోదాంట్లో చేయలేదు

ఇక్కడ కారణాలు రెండు, ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. మొదటిది లవణం. గెయిట్‌లో వాడింది గ్లూకోసమిన్ హైడ్రోక్లోరైడ్, రోజుకు మూడుసార్లు 500 చొప్పున. మంచి ఫలితాలు చూపిన పాత యూరప్ ట్రయళ్లలో వాడింది స్ఫటిక రూపంలో ఉండే గ్లూకోసమిన్ సల్ఫేట్, రోజుకు ఒకేసారి 1500. రెండోది డబ్బు. ఆ మంచి ఫలితాల్లో చాలావాటికి ఖర్చు పెట్టింది దాన్ని తయారుచేసే సంస్థే. కాబట్టి మంచి ఫలితం లవణం వల్ల వచ్చిందా, ఖర్చు పెట్టినవారి వల్ల వచ్చిందా అన్నది విడదీయడం కష్టం.

2010లో పది ట్రయళ్లను, 3803 మందిని కలిపి చూసిన విశ్లేషణలో, పది సెంటీమీటర్ల నొప్పి గీత మీద గ్లూకోసమిన్ వల్ల వచ్చిన అదనపు తగ్గుదల 0.4 సెంటీమీటర్లు, కాండ్రాయిటిన్‌తో 0.3, రెండూ కలిపితే 0.5. మనిషికి తెలిసేంత తేడా అనడానికి వాళ్లు ముందే పెట్టుకున్న హద్దు 0.9 సెంటీమీటర్లు. తయారీదారులతో సంబంధం లేని ట్రయళ్లలో ప్రభావం ఇంకా చిన్నదైంది. మార్గదర్శకాలు చీలిపోయిందీ ఇక్కడే. అమెరికన్ రుమటాలజీ కాలేజ్ 2019లో మోకాలికి రెండూ వద్దని గట్టిగా చెప్పింది, యూరప్‌కు చెందిన ఎస్సియో అనే నిపుణుల సంస్థ మాత్రం ప్రిస్క్రిప్షన్ నాణ్యత ఉన్న స్ఫటిక సల్ఫేట్‌ను సిఫారసు చేస్తోంది.

ఏం చేయాలి: వాడాలనే అనుకుంటే లేబుల్ మీద పెద్ద అంకె కాదు, దాని పక్కన ఉన్న లవణం పేరు చదవండి. "గ్లూకోసమిన్ సల్ఫేట్ పొటాషియం క్లోరైడ్ 1500 మిల్లీగ్రాములు" అని ఉంటే అందులో పావు వంతు పొటాషియం క్లోరైడే, సల్ఫేట్ సుమారు 1130 మాత్రమే. పాత యూరప్ ట్రయళ్ల మోతాదు అందాలంటే సోడియం క్లోరైడ్‌తో స్థిరపరిచిన పొడి 1884 మిల్లీగ్రాములు కావాలి. అందులో 1500 సల్ఫేట్ ఉంటుంది.

సమస్య: ఎక్స్‌రేలో ఎముకల మధ్య గ్యాప్ తగ్గకుండా ఆగిందని చదివాను

2001లో వచ్చిన మూడేళ్ల ట్రయల్‌లో కీలు సందు ఉత్తుత్తి మాత్ర గుంపులో 0.31 మిల్లీమీటర్లు తగ్గితే గ్లూకోసమిన్ సల్ఫేట్ గుంపులో 0.06 తగ్గింది. ఇబ్బందేమిటంటే ఆ ఎక్స్‌రేలు కాలు పూర్తిగా చాపి నిలబడ్డప్పుడు తీసినవి. నొప్పి ఉన్నవాళ్లు కాలు పూర్తిగా చాపలేరు, కొంచెం వంగినా సందు కొలత మారిపోతుంది. ఆస్ట్రేలియాలో 605 మందితో జరిగిన రెండేళ్ల ట్రయల్‌లో జంట మందు వాడినవాళ్లలో సందు తగ్గడం 0.1 మిల్లీమీటర్ మేర తక్కువగా ఉంది, నొప్పిలో మాత్రం తేడా లేదు. ఎక్స్‌రే కోసం బిళ్ల వాడే పని లేదు.

సమస్య: మొదలుపెట్టేశాను, కొనసాగించాలా ఆపాలా?

ముందు ఒక జాగ్రత్త. రక్తం గడ్డకట్టకుండా వార్ఫారిన్ వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకండి, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే ఐఎన్ఆర్ పెరిగి రక్తస్రావం జరిగిన సందర్భాలున్నాయి. రొయ్య, పీత పెంకుల నుంచి తీసే గ్లూకోసమిన్ ఎక్కువ కాబట్టి అవి పడనివాళ్లు కూడా లేబుల్ చూసుకోవాలి.

మిగతావాళ్లు మూడు నెలల గడువు పెట్టుకుని, ఆ మూడు నెలలూ వేరే ఏ మార్పూ చేయకండి. కొత్త వ్యాయామం, బరువు తగ్గడం, కొత్త నొప్పి మందు, అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. వారానికి ఒకరోజు ఒకే మెట్లెక్కి దిగి, నొప్పికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసి రాసుకోండి. ఆ వారం ఎన్ని పారాసెటమాల్ బిళ్లలు వాడారో కూడా పక్కన రాయండి, ఎందుకంటే నొప్పి అంకె తగ్గినా ఆ సంఖ్య పెరిగితే తగ్గించింది వేరే మందు. మూడు నెలలకు అంకె ఒకటి రెండు పాయింట్లైనా దిగకపోతే ఆపేయండి. దిగితే కూడా ఒక నెల ఆపి చూడండి. ఆపినా అంకె అక్కడే ఉంటే, ఇంకో డబ్బా కొనకండి.