పనీర్ రాలిపోకుండా, రబ్బరులా సాగకుండా

భీమవరంలో మా ఇంటికి వచ్చే చిక్కని గేదె పాలతో చేసిన పనీర్ ఒక్కోసారి కోస్తుండగానే పొడిపొడిగా రాలిపోయేది, ఒక్కోసారి కూరలో రబ్బరు ముక్కలా సాగేది. ఈ రెండు లోపాలకూ కారణాలు వేరు. పాలు తెర్లుతుండగానే నిమ్మరసం పిండి, విరిగిన తర్వాత కూడా మంట ఆపకపోతే, పాలలోని ప్రోటీన్ బిగుసుకుని నీటిని వదిలేసి రబ్బరులా తయారవుతుంది. పులుపు మితిమీరితే ఆ ప్రోటీన్‌ను కలిపి పట్టుకునే కాల్షియం చాలావరకు తేటలోకి కరిగిపోతుంది కనుక, ఎంత బరువు పెట్టినా ముక్క నిలవదు.

ఇప్పుడు లీటరు పాలను 90 డిగ్రీల వరకు కాచి, కొద్ది నిమిషాలు అదే వేడిలో ఉంచి, పొయ్యి మీద నుంచి దించి 75 డిగ్రీలకు చల్లారుస్తున్నాను. ఒక్కో నిమ్మకాయ పులుపు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, 2 గ్రాముల నిమ్మ ఉప్పును 200 మిల్లీలీటర్ల వేడి నీటిలో కరిగించి, గరిటెతో నెమ్మదిగా కలుపుతూ సన్నని ధారగా పోస్తాను. తేట లేత పసుపుపచ్చగా, పాల తెలుపు లేకుండా కనిపించిన క్షణమే ఆపాలి. మిగిలిన పులుపు నీటిని పారబోయడానికి మనసొప్పకపోయినా సరే, దాన్ని పాలలో పోయకూడదు.

ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, గుడ్డలో వడకట్టి, ముద్ద వేడిగా ఉండగానే రెండు కిలోల బరువు కింద ఇరవై నిమిషాలు నొక్కి, ఆపై రెండు గంటలు చల్లని నీటిలో ఉంచితే ముక్కలు అంచు విరగకుండా తెగుతున్నాయి.