అమ్మానాన్నల మొదటి విదేశీ ప్రయాణం: ముందు పేరు సరిచేయండి

పాస్‌పోర్టు సేవా కేంద్రం కౌంటర్ నుంచి వెనక్కి వచ్చే పెద్దవాళ్ల చేతిలో కాగితాలన్నీ ఉంటాయి. ఒక్కో కాగితం మీద పేరు మాత్రం ఒక్కోలా ఉంటుంది. బయట నిలబడ్డ మధ్యవర్తి వేలకు వేలు అడిగేది ఇక్కడే. ఆ పని ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు.

దరఖాస్తు passportindia.gov.in లో మాత్రమే చేయండి. అలాంటి పేరుతోనే కనిపించే వేరే సైట్లలో డబ్బు కట్టకండి. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు ఫీజు 1500 రూపాయలు. 60 దాటినవాళ్లు కొత్తగా తీసుకుంటే అందులో పది శాతం తగ్గుతుంది. అపాయింట్‌మెంట్‌కు విడిగా ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు.

ఇక పేరు సంగతి. అమ్మ పాన్ కార్డులో ‘పోతురాజు సావిత్రమ్మ’, ఆధార్‌లో ‘పి. సావిత్రమ్మ’, ఓటరు కార్డులో ‘సావిత్రి’ అని ఉన్నాయనుకుందాం. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. కాబట్టి దరఖాస్తుకు ముందే పాన్ కార్డు చూపించి ఆధార్‌లో పేరు మార్పించండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. అందుకని ఆపరేటర్ సేవ్ చేసేలోపు తెరమీద ఇంగ్లిషు స్పెల్లింగు అక్షరం అక్షరం చదవండి. పుట్టిన తేదీ రెండు కార్డుల్లోనూ ఒకటే ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. పెద్దవాళ్లకు బర్త్ సర్టిఫికెట్ ఉండదు కదా అని భయపడొద్దు. అది తప్పనిసరి అయింది 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకే. మిగతావాళ్లకు పుట్టిన తేదీ రుజువుగా పాన్ కార్డు చెల్లుతుంది.

ఫారంలో Surname గడిలో పోతురాజు, Given Name గడిలో సావిత్రమ్మ రాయాలి. ‘ఇంటిపేరు వదిలేయండి, తొందరగా అయిపోతుంది’ అని కొందరు ఏజెంట్లు సలహా ఇస్తారు. వినకండి. Surname గడి ఖాళీగా ఉన్నా పాస్‌పోర్టు వచ్చేస్తుంది, ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. అమెరికా వీసా మీద, పాస్‌పోర్టులో ఉన్న ఆ ఒక్క పేరునే ఇంటిపేరుగా వేసి, అసలు పేరు ఉండాల్సిన చోట FNU, అంటే పేరు తెలియదు అని ముద్రిస్తారు. పాస్‌పోర్టులో ఒకే ఒక్క మాట పేరుగా ఉన్నవాళ్లకు విజిట్ వీసా మీద ప్రవేశం లేదని 2022 నవంబరులో యూఏఈ నిబంధన పెట్టింది. కూతురిని చూడటానికి దుబాయ్ బయలుదేరిన తల్లిని ఈ ఒక్క కారణంతో ఆపేయవచ్చు.

టికెట్ కొనేటప్పుడు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఏ గడిలో ఉన్నది ఆ గడిలోనే దించండి. ఇంట్లో పిలిచే ‘సావిత్రి’ టికెట్ మీదకు రాకూడదు.

అదే బుకింగ్‌లో వీల్‌చెయిర్ కూడా అడగండి, లేదా కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు ఫోన్ చేసి చెప్పండి. ‘నాకేమైంది, నడవలేనా?’ అని నాన్న చిన్నబుచ్చుకోవచ్చు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లకు శంషాబాద్‌లోనూ, దిగి మారే విమానాశ్రయంలోనూ ఆ నడక తక్కువేం కాదని నెమ్మదిగా చెప్పండి. పైగా కుర్చీతోపాటు దారి తెలిసిన మనిషి వస్తాడు. ఇంగ్లిషు రాని పెద్దవాళ్లకు అసలు ధైర్యం అదే. ప్రయాణమంతా ఒకే టికెట్ మీద ఉంటే మధ్యలో మారే చోటా సాయం అందుతుంది, పెట్టెలూ చాలావరకు నేరుగా చివరి ఊరికే వెళతాయి. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ మాత్రం తోసేవాళ్ల చేతిలో ఉండిపోకుండా చూసుకోవాలి. చూపించగానే తీసుకుని మెడలో సంచిలో వేసుకోమని చెప్పండి.

పెట్టెలో ఎండుకొబ్బరి పెట్టకండి. అది త్వరగా మండుతుంది కాబట్టి చేతిసంచిలోనూ చెక్-ఇన్ సామానులోనూ వద్దంటారు. ఆవకాయ చెక్-ఇన్ పెట్టెలోనే వెళ్లాలి, మాంసం పచ్చళ్లు అమెరికాకు వద్దు. అక్కడ దిగాక తినేవి ఏమున్నాయని అడిగితే ఉన్నవన్నీ చెప్పేయాలి. దాస్తేనే జరిమానా. పవర్‌బ్యాంకు, రోజూ వేసుకునే మందులు, డాక్టర్ చీటీ చేతిసంచిలో ఉండాలి.

విమానానికి నాలుగు గంటల ముందు చేరితే కంగారు ఉండదు. గేటు దగ్గర పాస్‌పోర్టు, టికెట్ చూస్తారు. తర్వాత సామాను ఇచ్చి బోర్డింగ్ పాస్ తీసుకోవాలి, ఆపైన ఇమిగ్రేషన్, భద్రతా తనిఖీ. దిగిన దేశంలో అధికారి అడిగేవి చిన్న ప్రశ్నలే: ఎవరింటికి వచ్చారు, ఎన్నాళ్లుంటారు, ఎప్పుడు వెళతారు. పిల్లల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, తిరుగు ప్రయాణం తేదీ ఒక కాగితం మీద ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో రాసి, తిరుగు టికెట్ కాపీతో కలిపి ఆ మెడ సంచిలోనే పెట్టండి. మాట రాకపోతే ఆ కాగితం చూపించి, ‘తెలుగు’ అంటే చాలు.